ఫెయిలైన ప్రాజెక్ట్ మీద లెసన్స్ లెర్న్డ్ మీటింగ్: ఎవరినీ నిందించకుండా, ఏదీ దాచకుండా రికార్డు రాయడం ఎలా

ప్రాజెక్ట్ ఆగిపోయాక పెట్టే లెసన్స్ లెర్న్డ్ మీటింగ్ రికార్డులు ఎక్కువగా రెండు రకాలుగా తయారవుతాయి. కొన్ని చార్జిషీట్లా ఉంటాయి, ఫలానా టీమ్ ఫలానా పని చేయలేదు, ఫలానావాళ్లు పట్టించుకోలేదు అంటూ. మిగతావి ఎవరికీ నొప్పి తగలకుండా రాసినవి, "కమ్యూనికేషన్ ఇంకా మెరుగుపడాలి", "టెస్టింగ్ మరింత పకడ్బందీగా ఉండాలి" లాంటి మాటలతో. మొదటిది బయటికొస్తే తర్వాతి మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు, రెండోది చదివినా చదవకపోయినా ఒకటే. ఈ రెండూ కాకుండా పనికొచ్చే రికార్డు రాయడం మర్యాదగా మాట్లాడటంతో అయ్యే పని కాదు, అదంతా వాక్యం వాక్యం దగ్గర తేలుతుంది, ముఖ్యంగా కారణాలు రాసే చోట. అందుకే ఈ గైడ్‌లో సగం అక్కడే గడుపుతాను.

ముందు ఒక కేసు పెట్టుకుందాం, ఇది నేను అల్లిన ఉదాహరణే. ఒక సంస్థ తన పాత కస్టమర్ సిస్టమ్‌లోని 12 లక్షల రికార్డుల్ని కొత్త సిస్టమ్‌లోకి ఒకే వీకెండ్‌లో మార్చాలనుకుంది. 50 వేల రికార్డులతో చేసిన టెస్ట్‌కు 20 నిమిషాలు పట్టింది, ఆ లెక్కన మొత్తానికి 8 గంటలు అనుకున్నారు. శనివారం రాత్రి 10కి మొదలుపెట్టారు. ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు కూడా 5 లక్షల రికార్డులే ఎక్కాయి. సాయంత్రం 8 వరకు చూసి, అప్పటికి 5 లక్షల 90 వేల దగ్గరే ఉందని రోల్‌బ్యాక్ మొదలుపెట్టారు. పాత సిస్టమ్‌ను వెనక్కి తెచ్చి సరిచూసుకోవడానికి 16 గంటలు పట్టింది కాబట్టి సోమవారం ఉదయం 9కి తెరుచుకోవాల్సిన సేవలు మధ్యాహ్నం 12కి తెరుచుకున్నాయి. రెండు వారాల తర్వాత స్టీరింగ్ కమిటీ ప్రాజెక్టునే ఆపేసింది.

1. మీటింగ్‌కు ముందే టైమ్‌లైన్ రాసి పంచండి

ఏం జరిగిందో మీటింగ్‌లో కూర్చుని గుర్తుచేసుకుందాం అనుకుంటే అక్కడే మొదటి గంట పోతుంది, పైగా గొంతు పెద్దగా ఉన్నవాళ్ల జ్ఞాపకమే రికార్డులోకి ఎక్కుతుంది. రికార్డు రాసే మనిషి ముందే కూర్చుని కాగితాల నుంచి టైమ్‌లైన్ తీయాలి: ఒరిజినల్ ప్లాన్, దాంట్లో వచ్చిన మార్పులు, స్టేటస్ రిపోర్టులు, టెస్ట్ ఫలితాలు, రిస్క్ రిజిస్టర్, గో-లైవ్ రాత్రి నడిచిన చాట్. ప్రతి లైన్ చివర అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. జ్ఞాపకం మీదే ఆధారపడినదైతే "జ్ఞాపకం" అనే రాయండి, అందులో సిగ్గుపడేదేమీ లేదు.

మన కేసులో కొన్ని లైన్లు ఇలా ఉంటాయి:

- మార్చి 4: టెస్ట్ సర్వర్‌కు అదనపు డిస్క్ కావాలని డేటా టీమ్ అభ్యర్థన (టికెట్)
- మార్చి 7: డెలివరీకి ఆరు వారాలు పడుతుందని జవాబు (అదే టికెట్)
- మార్చి 11: 50 వేల రికార్డుల శాంపిల్‌తో రిహార్సల్ చేయాలని నిర్ణయం (ఇద్దరి జ్ఞాపకం, మినిట్స్‌లో లేదు)
- మార్చి 18: స్టేటస్ రిపోర్టులో "రిహార్సల్ పూర్తి", రంగు ఆకుపచ్చ (రిపోర్టు)
- గో-లైవ్ రాత్రి 12.20: "స్పీడ్ సగమే వస్తోంది, 12 గంటలకు 3 లక్షలు అవ్వాల్సింది, లక్షా 57 వేలే అయ్యాయి" (చాట్, జవాబు లేదు)

ఈ ఐదు లైన్లు చూస్తే చాలు, ఒక్క విశేషణం లేకుండానే కథలో సగం బయటపడింది. మార్చి 11 నాటి నిర్ణయం మినిట్స్‌లో లేకపోవడం, మార్చి 18న అది "పూర్తి"గా మారిపోవడం పక్కపక్కన కనిపిస్తే మీటింగ్‌లో ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపించాల్సిన పని ఉండదు.

టైమ్‌లైన్‌ను రెండు రోజుల ముందు అందరికీ పంపండి. దాంతోపాటు ప్రతి ఒక్కరినీ విడిగా రాతలో అడగండి: మీకు ఎప్పుడు అనుమానం వచ్చింది, అప్పుడు మీ దగ్గరున్న సమాచారం ఏమిటి, ఎవరికి చెప్పారు? మీటింగ్‌లో అందరి ముందు చెప్పలేనివి ఇక్కడ వస్తాయి. జూనియర్లవి మరీ.

రాసేది ఎవరంటే, ప్రాజెక్ట్ మేనేజర్ మాత్రం కాకుండా చూడండి. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు, తన నిర్ణయాల గురించి తానే రాసుకోవాల్సి వస్తే ఎవరైనా అయితే తమను వెనకేసుకొస్తారు, లేదంటే అవసరానికి మించి తప్పంతా నెత్తినేసుకుంటారు, రెండూ రికార్డును పాడుచేస్తాయి. పక్క ప్రాజెక్టులో పనిచేసే మనిషిని తెచ్చుకుంటే ఉత్తమం. సమయం విషయానికొస్తే ప్రాజెక్ట్ ఆగిన ఒకటి రెండు వారాల్లో పెట్టేయండి. మరుసటి రోజే పెడితే కోపాలు చల్లారవు, రెండు నెలలు ఆగితే సగం మంది వేరే పనుల్లోకి వెళ్లిపోతారు.

ఒక హెచ్చరిక. వెండర్‌తో కాంట్రాక్ట్ గొడవ నడుస్తుంటే, లేదా ఎవరిమీదైనా క్రమశిక్షణ చర్య ఆలోచనలో ఉంటే, ఆ రెండూ ఈ మీటింగ్‌లోకి రాకూడదు. అవి వేరే దారిలో నడవాలి, వెండర్ గొడవైతే రికార్డు రాయడానికి ముందే లీగల్ వాళ్లను అడగండి. ఒకసారి పంపిన రికార్డును తర్వాత చడీచప్పుడు లేకుండా దిద్దడం అసలు గొడవ కన్నా పెద్ద తలనొప్పి.

2. మీటింగ్‌లో అందరికీ కనిపించేలా రాయండి

రెండు గంటలు చాలు. స్క్రీన్ మీద డాక్యుమెంట్ తెరిచి, మాట్లాడుతుంటే అందరి కళ్లముందే టైప్ చేయండి. "నేను అన్నది అది కాదు" అనే మాట మీటింగ్ తర్వాత వారానికి రావడం కన్నా అప్పుడే రావడం మేలు కదా. ప్రతి అంశం అయ్యాక రాసింది బయటికి చదివి వినిపించండి.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే రాజీ కుదర్చొద్దు. రెండూ రాయండి. మన కేసులో మార్చి 11న శాంపిల్‌తో సరిపెట్టుకోమని స్పాన్సర్ ప్రతినిధి చెప్పారని డేటా టీమ్ లీడ్ అంటారు, తాను తేదీ మారదని మాత్రమే చెప్పానని ఆయన అంటారు. రికార్డులో రెండు మాటలూ ఉండాలి, కింద "రాతపూర్వక ఆధారం దొరకలేదు" అని ఒక్క లైన్. ఎవరిది నిజమో తేల్చడం మీ పని కాదు, అయినా ఈ తేడాయే ఒక కారణాన్ని చూపిస్తోంది, అంత పెద్ద నిర్ణయం ఎక్కడా రాతలో లేదు.

3. కారణం రాసే వాక్యం

అసలు కష్టమంతా ఇక్కడే. మీటింగ్ నోట్స్‌లో ఇలాంటి వాక్యం ఉంటుంది:

"టెస్టింగ్ విషయంలో నిర్లక్ష్యం వల్ల పూర్తి డేటాతో రిహార్సల్ జరగలేదు."

ఇందులో "నిర్లక్ష్యం" అనేది మీ తీర్పు, జరిగిన సంగతి కాదు. దాన్ని కొట్టేసి "కొన్ని కారణాల వల్ల రిహార్సల్ నిర్వహించడం జరగలేదు" అని ఆఫీసు భాషలోకి మార్చేస్తారు చాలామంది, నిందపోయింది కదా అని. నింద పోయింది నిజమే, దాంతోపాటు సమాచారం కూడా పోయింది. ఎవరు, ఏం తెలిసి, ఏ నిర్ణయం తీసుకున్నారో చెప్పకుండా "జరిగింది", "జరగలేదు" అని తప్పుకునే వాక్యాలు మర్యాదగా కనిపిస్తాయి గానీ వచ్చే ప్రాజెక్టుకు గుండుసున్నా.

ఇలా రాయండి:

"పూర్తి డేటాతో రిహార్సల్ చేయాలని ప్లాన్‌లో ఉంది. టెస్ట్ సర్వర్‌లో లక్ష రికార్డులకు మించి చోటు లేదు. అదనపు డిస్క్‌కు ఆరు వారాలు పడుతుందని మార్చి 7న తెలిసింది, గో-లైవ్‌కు అప్పటికి మూడు వారాలే ఉంది. డేటా టీమ్ లీడ్, ప్రాజెక్ట్ మేనేజర్ కలిసి 50 వేల శాంపిల్‌తో వెళ్లాలని నిర్ణయించారు. ఆ టెస్ట్ అనుకున్న వేగంతోనే నడిచింది. ప్లాన్‌లోని రిహార్సల్‌ను తగ్గించాలంటే ఎవరి ఆమోదం కావాలో ఎక్కడా రాసి లేదు."

చూడండి, నిర్ణయం తీసుకున్నవాళ్ల హోదా ఉంది, దాపరికం లేదు. అయినా చదివినవాళ్లకు కోపం రాదు, ఎందుకంటే ఆ రోజు వాళ్లకు ఏం తెలుసో కూడా అక్కడే ఉంది. పేర్ల బదులు హోదాలు రాయడం మంచి పద్ధతే, కానీ చిన్న టీమ్‌లో హోదా చూస్తే పేరు తెలిసిపోతుంది, కాబట్టి మనిషిని కాపాడేది హోదా కాదు, ఆనాటి సమాచారాన్ని పక్కన పెట్టడం.

రాశాక ప్రతి కారణాన్నీ ఒక ప్రశ్నతో పరీక్షించండి: అదే అనుభవం ఉన్న ఇంకో మనిషిని, అదే సమాచారంతో, అదే గడువుతో అక్కడ కూర్చోబెడితే ఇదే చేసేవారా? చేసేవారే అనిపిస్తే కారణం మనిషిలో లేదు, చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది, దాన్ని వెతికి రాయాలి. చేసేవారు కాదనిపిస్తే అప్పుడు కూడా "అజాగ్రత్త" అని ఆగిపోకండి, ఆ మనిషికి తెలియనిది ఏమిటి, అది తెలియాల్సిన దారి ఎక్కడ తెగింది అని అడగండి.

ఇక "చేసి ఉండాల్సింది" అనే వాక్యాలు. "రాత్రి 12.20కే ఆపేసి ఉండాల్సింది" అని మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఫలితం తెలిశాక అంతా ముందే తెలుస్తున్నట్టు కనిపించడం మన బుర్రకున్న అలవాటు, 1975లో మనస్తత్వవేత్త బారుక్ ఫిష్‌హాఫ్ దీన్ని ప్రయోగాలతోనే చూపించాడు: ఫలితం ముందే చెప్పినవాళ్లకు ఆ ఫలితం ఎక్కువ సంభావ్యంగా అనిపించింది, పైగా తమ అంచనాను ఆ ఫలితం ప్రభావితం చేసిందని వాళ్లు పెద్దగా గుర్తించలేదు. అందుకని రికార్డులో "ఉండాల్సింది" కనిపిస్తే దాన్ని ప్రశ్నగా మార్చండి: 12.20కి ఆపడానికి ఏం అవసరం, అందులో ఏం లేదు? మన కేసులో జవాబు సూటిగానే ఉంది. వేగం ఎంతకు పడిపోతే ఆపాలో ప్లాన్‌లో అంకె లేదు. చాట్‌లో మెసేజ్ పెట్టిన ఆపరేటర్‌కు ఆపే అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్లు ఆ చాట్‌లో లేరు.

4. మొదటి కారణం దగ్గర ఆగొద్దు

సాంకేతిక కారణం దొరకగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మన కేసులో అది ఇదీ: కొత్త రికార్డు ఎక్కించే ప్రతిసారీ డూప్లికేట్ ఉందేమోనని అప్పటిదాకా ఎక్కినవాటన్నిటితో పోల్చి చూస్తోంది, ఆ కాలమ్‌కు వెతకడాన్ని వేగంగా చేసే ఇండెక్స్ లేదు. ఎక్కినవి పెరిగేకొద్దీ ఒక్కో రికార్డుకు పట్టే సమయమూ పెరుగుతుంది. అందుకే 50 వేలకు 20 నిమిషాలైతే 12 లక్షలకు 24 రెట్లు అన్న లెక్క నిలబడలేదు, ఆదివారం ఆ చివరి ఆరు గంటల్లో 90 వేలు మాత్రమే ఎక్కాయి. అదే తీరులో వదిలేసి ఉంటే మొత్తం పూర్తవడానికి మూడున్నర రోజులు పట్టేది.

ఇండెక్స్ లేదు, పెడితే సరిపోతుంది, రికార్డు అయిపోయింది అనుకుంటే వచ్చే ప్రాజెక్టులో ఇండెక్స్ ఉంటుంది, ఇంకేదో ఉండదు. పొరపాటు ఎలా దూరిందన్న దానితోపాటు అది అన్ని దశలు దాటుకుని చివరిదాకా ఎలా వచ్చిందో కూడా అడగాలి.

దీనికి చదవదగ్గ నమూనా నాసాది. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గర పోయింది. నేల మీది సాఫ్ట్‌వేర్ ఒకటి థ్రస్టర్ల లెక్కలను పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, తీసుకునేవాళ్లు వాటిని న్యూటన్ సెకన్లనుకున్నారు, ఒకదానికొకటి దాదాపు 4.45 రెట్లు తేడా. విచారణ బోర్డు అదే ఏడాది నవంబర్‌లో ఇచ్చిన నివేదికలో దీన్నే మూలకారణంగా రాసింది, కానీ అక్కడితో ఆగకుండా తోడైన కారణాలు మరో ఎనిమిది చెప్పింది: నావిగేషన్ టీమ్‌కు ఆ వ్యోమనౌక సంగతులు సరిగా తెలియకపోవడం, మనుషులు చాలకపోవడం, శిక్షణ లోపం, ఆ నేల సాఫ్ట్‌వేర్‌కు తగిన తనిఖీ లేకపోవడం లాంటివి. ఆ జాబితాలో కోడ్ రాసిన మనిషి పేరు లేదు. లెక్కల్లో తేడా ఉన్నట్టు కొందరికి ముందే కనిపించినా అది సమస్యల్ని నమోదుచేసే పద్ధతిలోకి వెళ్లకుండా ఈ-మెయిళ్లలో ఉండిపోయింది. మన 12.20 చాట్ మెసేజ్ కూడా అలాంటిదే.

మన కేసుకు అదే తీరులో రాస్తే మూలకారణం ఒకటి, తోడైన కారణాలు నాలుగు వస్తాయి: రిహార్సల్ తగ్గించడానికి ఆమోదం నియమం లేదు, "శాంపిల్‌తో పూర్తి", "పూర్తి డేటాతో పూర్తి" అన్న తేడా స్టేటస్ రిపోర్టులో కనిపించదు, ఆపడానికి అంకె లేదు, మధ్యాహ్నం 2 గంటల సమీక్షలో నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి ప్రయాణంలో ఉన్నారు, బదులుగా ఎవరూ లేరు. ఈ చివరిది ఒక్కటి సరిగా ఉన్నా 2 గంటలకే రోల్‌బ్యాక్ మొదలై సోమవారం ఉదయం 6కి ముగిసేది, కస్టమర్లకు ఏమీ తెలిసేది కాదు. గొలుసుగా "ఎందుకు, ఎందుకు" అని అడుగుతూ పోయే పద్ధతి మంచిదే గానీ అది ఒకే దారిలో దిగుతుంది, ఇలా పక్కపక్కన ఉన్న కారణాలు దానికి తగలవు. కాబట్టి ఒక గొలుసు పూర్తయ్యాక మళ్లీ పైకొచ్చి "ఇంకేదైనా దీన్ని పట్టుకోగలిగేదా?" అని అడగండి.

సరిగా జరిగినవీ రాయండి, ఓదార్పు కోసం కాదు. రోల్‌బ్యాక్ ప్లాన్ అనుకున్నట్టే 16 గంటల్లో పనిచేసింది, ఒక్క రికార్డూ పోలేదు. దీన్ని రాయకపోతే వచ్చే ప్రాజెక్టులో ఖర్చు తగ్గించేటప్పుడు మొదట ఎగిరిపోయేది అదే.

5. మెరుగుదలలు: తక్కువ రాయండి, గట్టివి రాయండి

నాలుగైదుకు మించొద్దు. ఇరవై రాస్తే ఒక్కటీ జరగదు. ప్రతిదానికీ ఒక మనిషి (టీమ్ కాదు), ఒక తేదీ, పూర్తయిందని ఎలా తెలుస్తుందో ఒక ఆధారం ఉండాలి. "ఇకపై జాగ్రత్తగా ఉందాం", "అందరికీ ట్రైనింగ్ ఇద్దాం", "మెయిల్‌లో గుర్తుచేద్దాం" ఇవన్నీ బలహీనమైనవి, మనిషి గుర్తుపెట్టుకుంటేనే పనిచేస్తాయి, టెన్షన్‌లో ఉన్న మనిషికి ఏదీ గుర్తుండదు. మనిషి మర్చిపోయినా అడ్డుకునేది గట్టిది.

"మైగ్రేషన్ టెస్టింగ్ మెరుగుపరచాలి" అని నోట్స్‌లో ఉంటే దాన్ని ఇలా మార్చండి:

"గో-లైవ్ అనుమతి ఫారంలో కొత్త గడి: రిహార్సల్ ఎన్ని రికార్డులతో చేశారు, అసలు ఎన్ని ఉన్నాయి. రెండూ సమానం కాకపోతే స్పాన్సర్ సంతకం లేకుండా ఫారం ముందుకెళ్లదు. బాధ్యత: పీఎంఓ లీడ్. గడువు: జూన్ 15. ఆధారం: మారిన ఫారం, దాంతో నడిచిన మొదటి ప్రాజెక్ట్."

ఆపే అంకె గురించి కూడా అంతే: "గో-లైవ్ ప్లాన్‌లో ప్రతి రెండు గంటలకు ఎంత శాతం అవ్వాలో రాయాలి, దానిలో 70 శాతం కన్నా తక్కువైతే డ్యూటీలో ఉన్నవాళ్లు నిర్ణయాధికారికి ఫోన్ చేస్తారు, 30 నిమిషాల్లో జవాబు రాకపోతే ముందే రాసిపెట్టిన బదులు మనిషి నిర్ణయిస్తారు." ఆ 70 ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతారు. అది మీ రోల్‌బ్యాక్ ఎంత సమయం తింటుందో దాన్నిబట్టి మీరే తేల్చుకోవాలి, నేను ఉదాహరణకు పెట్టాను.

మెరుగుదల ఏ కారణానికి జవాబో దాని నంబర్ పక్కన వేయండి. నంబర్ వేయలేకపోతే అది ఎవరో ఎప్పటినుంచో కావాలనుకుంటున్న కోరిక, ఈ సందు చూసి దూరింది. జాబితాలో అలాంటిది కనీసం ఒకటి ఉంటుంది, చూసుకోండి. అలాగే ఏ మెరుగుదలా లేని కారణం మిగిలితే దాచకండి, "దీనిమీద ఇప్పుడు చర్య తీసుకోవడం లేదు, కారణం: డిస్క్ కొనుగోలు సమయం మన చేతిలో లేదు" అని రాసేయండి.

6. డ్రాఫ్ట్ తిప్పడం, తర్వాత చూడటం

మీటింగ్ అయిన రెండు రోజుల్లో డ్రాఫ్ట్ పంపండి, మూడు పనిదినాలు గడువు ఇవ్వండి. మెయిల్‌లో స్పష్టంగా చెప్పండి: వాస్తవం తప్పైతే ఆధారంతో చెప్పండి, మాట నచ్చకపోతే బదులు వాక్యం రాసి పంపండి. ఇలా అడిగితే "ఇది కొంచెం కఠినంగా ఉంది" అనే గాలి వ్యాఖ్యలు చాలా తగ్గుతాయి. పై అధికారి ఒక వాస్తవాన్ని తీసేయమంటే, అది ఆధారం ఉన్నదైతే, తీసేయకుండా ఆయన అభిప్రాయాన్ని పక్కన చేర్చడానికి ఒప్పించండి. ఒప్పుకోకపోతే కనీసం టైమ్‌లైన్‌లో ఆ లైన్ మిగిలేలా చూడండి, కారణాల్లో పోయినా తర్వాత చదివేవాళ్లు పట్టుకుంటారు.

ఫైనల్ కాపీని ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో పడేస్తే ఇక ఎవరూ తెరవరు. కొత్త ప్రాజెక్ట్ ప్లాన్ టెంప్లేట్‌లోనే, మైగ్రేషన్ అనే భాగం పక్కన, ఈ రికార్డు లింక్ పెట్టించండి. 90 రోజుల తర్వాత అరగంట మీటింగ్ ఒకటి ఇప్పుడే క్యాలెండర్‌లో వేసేయండి, అందులో ఒక్కో మెరుగుదలకు ఆధారం తెరిచి చూపించమనండి. "అయిపోయింది" అని చెప్పడం చాలదు, మారిన ఫారం స్క్రీన్ మీద కనిపించాలి. కాలేదంటే కొత్త తేదీ వేసేముందు ఎందుకు కాలేదో రికార్డు చివర ఒక లైన్ చేర్చండి. రెండోసారీ కాకపోతే దాన్ని స్టీరింగ్ కమిటీ ముందు పెట్టి, చేస్తారో, లేక ఆ రిస్క్‌ను తెలిసే ఒప్పుకుంటున్నారో రాతలో తీసుకోండి.